తడి తాగే తీగ: నైలాన్‌తో త్రీడీ ప్రింటింగ్

నైలాన్ నీళ్లు తాగే ప్లాస్టిక్. నీళ్లలో ముంచనక్కర్లేదు, గదిలో గాలి చాలు. ఆ గాలిలోని తేమనే పీల్చుకుని లోపల దాచుకుంటుంది. తాళ్లకు, చీరలకు, బ్రష్షు కుచ్చులకు దీనివల్ల పెద్ద నష్టమేమీ లేదు. త్రీడీ ప్రింటర్‌లో మాత్రం అదే నైలాన్‌ను 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి, 0.4 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి పిండాలి. లోపల దాగిన నీరు అక్కడ ఒక్కసారిగా ఆవిరైపోతుంది. నైలాన్‌తో వస్తువు చేయబోయి విసిగిపోయినవాళ్లు సాధారణంగా ప్రింటర్‌ను తప్పుపడతారు. తప్పు చాలావరకు ఆ నీటిది.

కాలేజీ ల్యాబుల్లో, చిన్న వర్క్‌షాపుల్లో కనిపించే త్రీడీ ప్రింటర్ పనితీరు సులువుగానే అర్థమవుతుంది. ఫిలమెంట్ అనే ప్లాస్టిక్ తీగ, సాధారణంగా 1.75 మిల్లీమీటర్ల మందంతో, స్పూల్ మీద చుట్టి ఉంటుంది. పళ్ల చక్రం ఒకటి దాన్ని వేడి నాజిల్‌లోకి నెడుతుంది. కరిగి బయటికొచ్చిన ప్లాస్టిక్‌ను నాజిల్ ముగ్గు వేసినట్టు ఒక పొర పరుస్తుంది, దాని మీద ఇంకో పొర. ఇలా వందల పొరలు అతుక్కుంటే వస్తువు తయారవుతుంది. మొదట నేర్చుకునేవారు వాడేది పీఎల్ఏ. 200 డిగ్రీల దగ్గర బుద్ధిగా కరుగుతుంది, గది గాలిలోనే చక్కగా గట్టిపడుతుంది. కానీ 60 డిగ్రీలు దాటితే మెత్తబడిపోతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెడితే వంకర తిరుగుతుంది.

వేడికి, రాపిడికి, దెబ్బకు నిలబడే వస్తువు కావాలంటే మనసు పోయేది నైలాన్ మీదికి, పాలికార్బొనేట్ మీదికి. నైలాన్‌ను 1935లో అమెరికాలోని డూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసింది. పాలికార్బొనేట్‌ను 1953లో జర్మనీలోని బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, అదే ఏడాది అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ విడివిడిగా కనుగొన్నారు. రెండూ ప్రింటర్ల కోసం పుట్టినవి కావు. ఒకటి పట్టుకు బదులు దారంగా పేరు తెచ్చుకుంది, ఇంకొకటి పగలని అద్దంలా. అందుకే రెంటికీ ప్రింటర్‌లో ప్రత్యేకమైన ఏర్పాట్లు కావాలి. పొడి డబ్బా, బాగా వేడెక్కే నాజిల్, సరైన జిగురు రాసిన బెడ్, చుట్టూ మూసిన గూడు, ఈ నాలుగూ కుదరాలి.

ఒక వస్తువును పట్టుకుని చూస్తే ఈ నాలుగింటి అవసరం తెలుస్తుంది. పాత టేబుల్ ఫ్యాన్ తిరుగుతుంటుంది గానీ, తల అటూ ఇటూ ఆడటం మానేస్తుంది. వెనక డబ్బా విప్పితే, మోటారు ఇరుసు చివర మరలాంటి ఇనుప భాగం, దానికి ఆనుకుని పళ్లు అరిగిపోయిన తెల్లని ప్లాస్టిక్ చక్రం కనిపిస్తాయి. ఆ చక్రానికి 36 పళ్లు, బయటి వ్యాసం 38 మిల్లీమీటర్లు, మందం 8, మధ్యలో 6 మిల్లీమీటర్ల రంధ్రం అనుకుందాం. లోపల ఖాళీ లేకుండా నిండుగా ప్రింట్ చేస్తే తొమ్మిది గ్రాముల బరువు తూగుతుంది. పీఎల్ఏతో చేస్తే మోటారు వెచ్చదనానికి కొన్నాళ్లలోనే పళ్లు సాగిపోతాయి. పాలికార్బొనేట్ వేడికి తట్టుకుంటుంది, కానీ రాపిడిలో నైలాన్‌కు సాటి రాదు. పైగా కొన్ని నూనెలు, గ్రీజులు తగిలితే సన్నని బీటలు వేస్తుంది. జారుతూ తిరిగే చక్రానికి నైలానే సరైనది. కంపెనీ వాడిందీ చాలాసార్లు అదే.

స్పూల్ అట్టపెట్టెలోంచి తీసి, వారం రోజులు బల్ల మీద ఉంచి, ఆ తర్వాత ప్రింటర్‌కు తగిలిస్తే ఏం జరుగుతుంది? నాజిల్ దగ్గర చెవి పెడితే ఆవాలు చిటపటలాడినట్టు సన్నని శబ్దం వినిపిస్తుంది. కారే ప్లాస్టిక్ నున్నగా ఉండదు, నురగలా తెల్లబడి ఉబ్బుగా వస్తుంది. నాజిల్ ఒక పన్ను నుంచి ఇంకో పన్నుకు వెళ్లిన ప్రతిసారీ మధ్యలో బూజులాంటి పోగులు వేలాడతాయి. చేతిలోకి తీసుకుంటే గరుకుగా ఉంటుంది. వంచితే పొరల మధ్య నుంచి విడిపోతుంది. లెక్క వేస్తే ఆశ్చర్యం పోతుంది. ఆ నైలాన్‌లో 2.4 శాతం తేమ ఉంటే తొమ్మిది గ్రాముల చక్రంలో ఉన్న నీరు ఒక గ్రాములో అయిదో వంతు కొంచెం పైన. కానీ 260 డిగ్రీల దగ్గర ఆ కాస్త నీరే అర లీటరు ఆవిరి అవుతుంది. అంత ఆవిరీ 0.4 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే, కరిగిన ప్లాస్టిక్‌తో పాటే బయటికి రావాలి.

నైలాన్ ఇంత దాహం కలది ఎందుకంటే, దాని అణువు పొడవాటి గొలుసు. ఆ గొలుసులో కొంత దూరానికి ఒకటి చొప్పున అమైడ్ అనే ముడులు ఉంటాయి. పట్టు దారంలో ఉన్నదీ ఇదే రకం ముడి. నీటి అణువులు ఈ ముడుల దగ్గర చేరి అంటిపెట్టుకుంటాయి. ముడులు దగ్గర దగ్గరగా ఉంటే నీరు ఎక్కువ, దూరదూరంగా ఉంటే తక్కువ. అందుకే నైలాన్ 6 నీటిలో మునిగి ఉంటే తన బరువులో తొమ్మిది శాతం దాకా తాగగలదు. నైలాన్ 12 ఒకటిన్నర శాతం దగ్గర ఆగిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి నైలాన్ 12 తేలిక. గట్టిదనంలో, వేడిని ఓర్చుకోవడంలో నైలాన్ 6 మేలు.

పాలికార్బొనేట్ తాగే నీరు ఎంతో తక్కువ, గది గాలిలో 0.15 శాతం ఉంటుందేమో. దీన్ని చూసి ఆరబెట్టకపోయినా ఫర్వాలేదనుకోవడం పెద్ద పొరపాటు. 280 డిగ్రీల పైన ఆ కొద్ది నీరే గొలుసు లింకులను తెంపేస్తుంది. నైలాన్ తడిగా ఉంటే కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. పాలికార్బొనేట్‌లో ఒక్కోసారి పైకి ఏమీ తెలియదు. వస్తువు బాగానే ఉన్నట్టుంటుంది, వంచి చూస్తే టప్పున విరుగుతుంది. తెగిన గొలుసు మళ్లీ ఆరబెట్టినా అతకదు. అచ్చుల్లో పోసే ఫ్యాక్టరీలు ఈ పదార్థంలో తేమ 0.02 శాతానికి మించనివ్వవు. ఆ జాగ్రత్తకు కారణం ఇదే.

ఇక ఆరబెట్టడం. వడియాలకు పనికొచ్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వడియంలో నీరు ఎంతో ఎక్కువ, అది తేలిగ్గా వదులుతుంది. నైలాన్ తీగలో నీరు అణువుల మధ్య ఇరుక్కుని ఉంటుంది. అది బయటికి రావాలంటే తీగ నడిమి దాకా వేడెక్కాలి, చుట్టూ గాలి దాహంతో ఉండాలి. ఈ రెండో సంగతి చాలామంది పట్టించుకోరు. వానాకాలంలో విశాఖలోనో మచిలీపట్నంలోనో గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉందనుకుందాం. అదే గాలిని 50 డిగ్రీలకు వేడిచేస్తే సాపేక్ష తేమ 27 శాతానికి పడుతుంది. 80 డిగ్రీలకు వేడిచేస్తే ఏడు శాతానికి దిగుతుంది. గాలిలోంచి ఒక్క చుక్క నీరు తీయకపోయినా, వేడెక్కిన గాలికి నీటిని మోసే శక్తి అంతగా పెరుగుతుంది. 50 డిగ్రీల దాకానే వెళ్లే చవక డ్రయ్యర్‌లో పీఎల్ఏ ఆరుతుంది, నైలాన్ ఆరదు. కారణం ఈ లెక్కలోనే ఉంది. రాత్రంతా పెట్టాం, అయినా చిటపటలాడుతోందని వాపోయేవారు ముందుగా చూసుకోవాల్సింది డ్రయ్యర్ అసలు ఎంత వేడెక్కుతోందో.

నైలాన్‌ను 80 డిగ్రీల దగ్గర పది పన్నెండు గంటలు ఉంచాలి. పాలికార్బొనేట్‌కు 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఆరేడు గంటలు చాలు. వేడి గాలి లోపల తిరగాలి, తేమ బయటికిపోవడానికి మూతకు చిన్న సందు ఉండాలి. పూర్తిగా బిగించేస్తే బయటికొచ్చిన నీరు మళ్లీ తీగలోకే వెళుతుంది. ఓవెన్ వాడేవారు దాని డయల్ మీది అంకెను నమ్మకూడదు. 80 మీద పెడితే కాసేపు 110 దాకా ఎగబాకే ఓవెన్లు ఉంటాయి. అంత వేడికి స్పూల్ మెత్తబడి వంగుతుంది, చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. వేరే థర్మామీటర్ ఒకటి లోపల పెట్టి చూడాలి. వంట చేసుకునే ఓవెన్‌ను ఈ పనికి వాడకపోవడమే మంచిది.

ఆరిందో లేదో చెప్పే నమ్మకమైన పరికరం వంటింటి కాటా. ఫ్యాన్ చక్రం కోసం తీసిన స్పూల్‌లో 500 గ్రాముల నైలాన్ మిగిలి ఉంది, ప్లాస్టిక్ చట్రంతో కలిపి 742 గ్రాములు తూగింది అనుకుందాం. ఆరు గంటల తర్వాత తూస్తే 733. పది గంటలకు 730. పన్నెండో గంటకూ 730. బరువు తగ్గడం ఆగిందంటే ఆ వేడిలో పోగల నీరు పోయినట్టే. పోయింది 12 గ్రాములు, అంటే 2.4 శాతం. గంటలు లెక్కపెట్టడం కన్నా బరువు లెక్కపెట్టడం మేలు, ఎందుకంటే ప్రతి స్పూల్ తాగిన నీరు ఒకేలా ఉండదు. అట్ట స్పూల్ అయితే ఒక జాగ్రత్త అవసరం. అట్ట కూడా తేమ వదిలి బరువు తగ్గుతుంది కాబట్టి లెక్క తప్పుతుంది. అప్పుడు కూడా బరువు నిలకడగా ఆగేదాకా చూడటం ఒక్కటే దారి.

ఇంత కష్టపడి ఆరబెట్టిన తీగను బయట పెడితే వానాకాలపు గాలిలో కొన్ని గంటల్లోనే మళ్లీ పాడవడం మొదలవుతుంది. అందుకే డ్రై బాక్స్. దీని పని ఆరబెట్టడం కాదు, ఆరినదాన్ని ఆరినట్టే ఉంచడం. సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో తడి నైలాన్ పెట్టి రెండు రోజులు ఆగితే ఆరిపోతుందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. గది వేడిలో తీగ లోపలి నీరు కదలదు.

డ్రై బాక్స్‌కు పెద్ద ఖర్చు అక్కర్లేదు. మూతకు రబ్బరు వాషర్ ఉండి నాలుగు వైపులా క్లిప్పులతో బిగిసే పప్పు డబ్బా చాలు. లోపల రెండు బేరింగుల మీద స్పూల్ తిరిగేలా అమర్చి, పక్కన ఒక రంధ్రం చేసి, అందులోంచి టెఫ్లాన్ గొట్టాన్ని నేరుగా ప్రింటర్ దాకా లాగాలి. తీగ బయటి గాలిని చూడకుండా గొట్టంలోనే ప్రయాణిస్తుంది. డబ్బా అడుగున పావు కిలో సిలికా జెల్, గోడకు చిన్న తేమ మీటరు. మీటరు 15 శాతం లోపు చూపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. 20 దాటితే జెల్ తాగాల్సింది తాగేసిందని అర్థం. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారడమూ అదే చెబుతుంది. వాటిని 110, 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేస్తే రంగు తిరిగొస్తుంది, మళ్లీ వాడుకోవచ్చు. ప్రింట్ అయిపోయాక స్పూల్‌ను బయటికి తీయకుండా డబ్బాలోనే ఉంచి, గొట్టం చివర మూసేయాలి.

డబ్బా దాటిన తీగ నాజిల్‌కు చేరుతుంది. మామూలు ప్రింటర్లలో చాలావాటికి టెఫ్లాన్ గొట్టం నాజిల్‌ను తాకేదాకా లోపలికి వెళ్లి ఉంటుంది. పీఎల్ఏ వేడికి దానికేమీ కాదు. 240 దాటితే గొట్టం చివర మెత్తబడి, నల్లబడి, ముడుచుకోవడం మొదలవుతుంది. ఇంకా వేడెక్కితే విషవాయువులు వదులుతుంది. పెంపుడు చిలుకలు, పిచ్చుకలు ఉన్న గదిలో ఇది మరీ ప్రమాదం, పక్షుల ఊపిరితిత్తులు ఆ పొగకు ఏమాత్రం తట్టుకోలేవు. నైలాన్, పాలికార్బొనేట్ ప్రింట్ చేయాలంటే లోపల గొట్టం లేని, పూర్తిగా లోహంతో చేసిన హాట్ ఎండ్ ఉండాలి. అందులో వేడి భాగానికి, చల్లని భాగానికి మధ్య టైటానియంతోనో స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేసిన సన్నని గొట్టం ఉంటుంది. వేడి పైకి పాకకుండా ఆపేది అదే. దాని పైన తిరిగే చిన్న ఫ్యాన్ ఆగితే తీగ పైనే ఉబ్బి దారి మూసేస్తుంది.

హాట్ ఎండ్ మార్చినంత మాత్రాన వేడి పెరగదు. ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్ ఒక హద్దు పెట్టుకుని ఉంటుంది. ఎంతో ప్రచారంలో ఉన్న మార్లిన్ ఫర్మ్‌వేర్‌లో ఆ హద్దు ఈ వాక్యంలో ఉంటుంది.

```
#define HEATER_0_MAXTEMP 275
```

భద్రత కోసం అది తన హద్దుకు 15 డిగ్రీలు తక్కువ దగ్గరే ఆపుతుంది. కాబట్టి పై అంకెతో నాజిల్‌ను 260కి మించి అడగలేం. నైలాన్‌కు 250 నుంచి 270, పాలికార్బొనేట్‌కు 270 నుంచి 310 కావాలి. అయితే అంకె మార్చేముందు ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్ ఆ వేడికి తగినదో కాదో చూడాలి. మామూలు గాజు పూస థర్మిస్టర్లు 300 దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. అక్కడ ప్లాటినం సెన్సార్ అవసరం. తప్పుడు వేడి చూపించే సెన్సార్‌తో పెద్ద హద్దు పెట్టడం అగ్గితో ఆడుకోవడమే. నాజిల్ విషయానికొస్తే, ఒట్టి నైలాన్‌కు ఇత్తడి సరిపోతుంది. కార్బన్ పీచో గాజు పీచో కలిపిన నైలాన్ ఆకురాయిలా పనిచేసి, ఒకటి రెండు స్పూళ్లలోనే ఇత్తడి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. దానికి గట్టిపరచిన ఉక్కు నాజిల్ పెట్టాలి. ఉక్కు వేడిని నిదానంగా అందిస్తుంది కాబట్టి అయిదో పదో డిగ్రీలు ఎక్కువ ఇవ్వాలి.

నాజిల్ కింద బెడ్. ఇక్కడ సమస్య అతుక్కోవడం. నైలాన్ చల్లారేటప్పుడు దాని అణువులు కొంత మేర క్రమంగా సర్దుకుని స్ఫటికాలవుతాయి, ఆ సర్దుబాటులో ప్లాస్టిక్ కుదించుకుపోతుంది. ఒక శాతం కుదింపు అనుకుంటే మన చక్రంలో అది మిల్లీమీటరులో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. పదిహేను సెంటీమీటర్ల పట్టీ అయితే ఒకటిన్నర మిల్లీమీటర్లు. కింది పొర ముందే గట్టిపడి ఉంటుంది. దాని మీద పడిన కొత్త పొర కుదించుకుంటూ దాన్ని తన వైపు లాగుతుంది. పొరలు పెరిగేకొద్దీ లాగుడు కూడుతుంది, ఎండుటాకు అంచుల్లా వస్తువు మూలలు పైకి లేస్తాయి. వార్పింగ్ అంటే ఇదే. పాలికార్బొనేట్‌లో స్ఫటికాలు ఏర్పడవు, కుదింపు కూడా తక్కువే. కానీ అది 147 డిగ్రీల దగ్గరే బిరుసెక్కిపోతుంది. అక్కడి నుంచి గది వేడిదాకా జరిగే కుదింపంతా లోపల బిగువుగా మిగిలిపోతుంది. పెద్ద వస్తువు అయితే ఆ బిగువుకు పొరల మధ్య పగులుతుంది.

గాజు పలక మీద నైలాన్ అస్సలు నిలవదు. దానికి బాగా నప్పేది గుడ్డనో కాగితాన్నో ఫినాలిక్ రెసిన్‌లో ముంచి వేడిగా నొక్కి చేసిన రేకు. విదేశాల్లో దీన్ని గారొలైట్ అని అమ్ముతారు. తెలుగునాట ఎలక్ట్రీషియన్లకు ఇది కొత్త కాదు, స్విచ్ బోర్డులకు వాడే హైలం షీటు ఈ జాతిదే. హైదరాబాద్‌లో తయారైన సరుకు పేరే ఆ రేకుకు స్థిరపడింది. గుడ్డ పొరలతో చేసిన రకం అయితే మేలు. రెండు మూడు మిల్లీమీటర్ల మందం ముక్కను బెడ్ కొలతకు కోయించి, పైమెరుపు పోయేదాకా సన్న గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, క్లిప్పులతో బిగించాలి. బెడ్ వేడి 70, 80 డిగ్రీలు ఉంటే చాలు.

రేకు దొరకకపోతే జిగురు. పిల్లలు స్కూల్లో కాగితాలు అంటించే గ్లూ స్టిక్‌నే గాజు మీదో, పీఈఐ అనే పసుపు రంగు పూత ఉన్న స్టీలు పలక మీదో రాయవచ్చు. మందంగా రాస్తే జిగురు పొరే పలక మీంచి ఊడుతుంది. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా రాసి, తడి గుడ్డతో పలచగా సమం చేసి, బెడ్ వేడెక్కుతుండగా ఆరనివ్వాలి. పాలికార్బొనేట్ దగ్గర జిగురు చేసే పని దీనికి తలకిందులు. ఈ ప్లాస్టిక్ 110 డిగ్రీల బెడ్ మీద పీఈఐ పూతను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, తీసేటప్పుడు పూత కూడా ఊడి వస్తుంది. గాజు అయితే పెచ్చు లేస్తుంది. అక్కడ జిగురు అంటించడానికి కాదు, విడదీయడానికి. పైగా ఆ పొర నీటితో కడిగితే పోతుంది.

చివరి ఏర్పాటు మూసిన గూడు, ఎన్‌క్లోజర్. ఫ్యాన్ గాలి, కిటికీ గాలి, ఏసీ గాలి ఏది తగిలినా పై పొర త్వరగా చల్లారుతుంది. కింది పొరతో సరిగ్గా కలిసిపోయే లోపే గట్టిపడుతుంది. చుట్టూ మూసి, బెడ్ వేడితోనే లోపలి గాలి నైలాన్‌కు 45 నుంచి 60, పాలికార్బొనేట్‌కు 60 నుంచి 70 డిగ్రీల మధ్య నిలిస్తే కుదింపు నిదానంగా, అంతటా ఒకేలా జరుగుతుంది. వస్తువు మీదికి గాలి ఊదే ఫ్యాన్‌ను ఆపేయాలి. ప్రింట్ మొదలుపెట్టే ముందు అరగంట బెడ్ వేడెక్కించి గూడును కాగనివ్వాలి. ఈ అరగంట ఓపిక పట్టనివారికి మొదటి సెంటీమీటరులోనే మూలలు లేస్తాయి.

గూడుకు అట్టపెట్టె వాడటం చూస్తుంటాం, అది మంచిది కాదు. వైరు ఎక్కడైనా వదులై నిప్పు రేగితే అట్ట దాన్ని పెంచుతుంది. రేకుతోనో, మంట త్వరగా అంటుకోని బోర్డుతోనో చేసుకోవాలి. కరెంటు సరఫరా డబ్బా, సర్క్యూట్ బోర్డు గూడు బయట ఉండాలి. 60 డిగ్రీల గాలిలో అవి ఎక్కువ కాలం బతకవు. ప్రింటర్‌లో పీఎల్ఏతో చేసిన భాగాలేమైనా ఉంటే అవి కూడా మెత్తబడతాయని మరిచిపోకూడదు. గూడు వల్ల ఇంకో లాభం ఉంది. 2016లో షికాగోలోని ఇల్లినాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు బల్ల మీది ప్రింటర్లు వదిలే ఆవిర్లను కొలిచి, నైలాన్ జాతి తీగల నుంచి కాప్రోలాక్టమ్ వెలువడుతోందని చూపించారు. నైలాన్ 6కు అదే ముడిసరుకు, ఊపిరితిత్తులకు, కళ్లకు మంట పుట్టిస్తుంది. ప్రింట్ అయ్యేంతసేపు గూడు మూసి ఉంచి, అయ్యాక కిటికీలు తెరిచి గాలి పోనివ్వాలి. పడకగదిలో ఈ పని పెట్టుకోకూడదు.

ఇన్నీ కుదిరాక మన ఫ్యాన్ చక్రం. హైలం ముక్క 75 డిగ్రీల మీద, గూడు 50కి చేరింది, నాజిల్ 260. మొదట గాలిలోకి పది సెంటీమీటర్ల తీగ కార్చి చూడాలి. చిటపట లేకుండా, గాజు కడ్డీలా నున్నగా, నేరుగా కిందికి దిగితే తీగ ఆరినట్టే. మొదటి పొర 0.25 మిల్లీమీటర్లు, సెకనుకు 20 మిల్లీమీటర్ల వేగంతో. చక్రం చుట్టూ ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పున బ్రిమ్, అంటే ఒక్క పొర మందం ఉన్న అంచు వేయాలి. తర్వాత కత్తితో కోసేయవచ్చు. పైపొరలు 0.2, లోపల ఖాళీ లేకుండా వంద శాతం నింపు. పళ్లు చిన్నవి కాబట్టి వేగం పెంచకూడదు. ఒక పన్ను గీసేటప్పుడు నాజిల్ దిశ మార్చుకునే చోటల్లా ప్లాస్టిక్ కాస్త పోగుపడుతుంది. ఆ చిన్న బొడిపెలే చక్రం తిరిగేటప్పుడు గరగరలాడతాయి.

అయిపోగానే తలుపు తీయాలనిపిస్తుంది. తీయకూడదు. బెడ్ ఆపేసి, లోపల 40 డిగ్రీలకు దిగేదాకా ఊరుకుంటే చక్రం దానంతటదే సగం విడిచి ఉంటుంది. చేతిలోకి తీసుకున్న చక్రం పొడిగా, గట్టిగా, కొంచెం బిరుసుగా ఉంటుంది. ఈ దశలో సుత్తితో కొడితే విరగవచ్చు. ప్రింటింగ్‌కు శత్రువైన నీరు ఇప్పుడు కావాల్సి వస్తుంది. నైలాన్‌కు పేరు తెచ్చిన మొండితనం కొంత తేమ తాగాకే వస్తుంది. అణువుల మధ్య చేరిన నీరు గొలుసులను కాస్త జారనిస్తుంది, దెబ్బ తగిలితే పగలకుండా వంగుతుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టడమో, వారం పది రోజులు గది గాలిలో వదిలేయడమో చేయాలి.

తేమతో పాటు కొలత కూడా మారుతుంది. రెండున్నర శాతం నీరు తాగిన నైలాన్ 6 పొడవులో సుమారు 0.6 శాతం పెరుగుతుంది. మన చక్రం వ్యాసంలో అది మిల్లీమీటరులో పావు వంతుకు దగ్గర. పళ్ల మధ్య సందు అంత కూడా లేకపోతే చక్రం మొదటి వారం చక్కగా తిరిగి, రెండో వారం మరలో ఇరుక్కుని మోటారు మూలుగుతుంది. అందుకే పాత చక్రాన్ని కొలిచి గీసిన బొమ్మను ఉన్నదున్నట్టు ప్రింట్ చేసి, వెంటనే బిగించి చూసుకుని సంతోషపడితే చాలదు. ఒకటి ప్రింట్ చేసి, నానబెట్టి, తుడిచి, కాలిపర్‌తో మళ్లీ కొలవాలి. 38 రావాల్సింది 38.2 వస్తే స్లైసర్‌లో కొలతను 99.5 శాతానికి తగ్గించి రెండోది ప్రింట్ చేయాలి. అప్పుడు రంధ్రం కూడా అంతే తగ్గుతుంది కాబట్టి ఇరుసు మీద బిగుతుగా ఉంటే ఆరు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టును చేత్తోనే తిప్పి సరిచేయవచ్చు. పళ్లకు కొద్దిగా తెల్ల గ్రీజు రాసి, డబ్బా మూసి, ఫ్యాన్ మీట నొక్కితే తల నెమ్మదిగా ఒక పక్కకు తిరిగి, ఆగి, వెనక్కి వస్తుంది.